గిరిజన వెండి అనే లోహం లేదు

పట్నంలో హస్తకళల ప్రదర్శన పెడితే చాలు, ఏదో ఒక మూల నల్లగుడ్డ పరిచి, దాని మీద హాస్లీలు, కడియాలు, ఘుగ్రీ టోప్లీలు, మువ్వల పట్టీలు పేర్చి, పైన ఒక అట్ట నిలబెడతారు. ఆ అట్ట మీద 'ట్రైబల్ సిల్వర్' అని ఉంటుంది. తెలుగులో రాసేవాళ్లయితే 'గిరిజన వెండి' అంటారు. బంగారం ఉంది, రాగి ఉంది, ఇత్తడి ఉంది. గిరిజన వెండి అనే లోహం భూమిలో ఎక్కడ దొరుకుతుందో, ఏ కొలిమిలో తయారవుతుందో మాకు ఎవరూ చెప్పలేదు. మా అడవుల్లో వెండి గనులు లేవు. మా అవ్వలు ఒంటినిండా వేసుకున్న వెండి, అంగడిలో పంట అమ్మి, పశువును అమ్మి, రూపాయి నాణేలు ఇచ్చి చేయించుకున్న వెండే. దానికి కులం లేదు. పాళ్లు మాత్రం ఉన్నాయి: నూటికి ఎంత వెండి, ఎంత రాగి అన్న లెక్క ఉంది. అట్ట మీద రాయనిది ఆ లెక్కే.

ఆ నల్లగుడ్డ మీద ఉన్నవి నిజానికి ఏమిటి? చాలాసార్లు అది జర్మన్ సిల్వర్. పేరులో సిల్వర్ ఉంది గానీ అందులో రవ్వంత వెండి కూడా లేదు. రాగి, నికెల్, జింకు కలిపి పోసిన మిశ్రమం అది. నికెల్ వల్ల తెల్లగా మెరుస్తుంది, నికెల్ వల్లే కొందరి మెడ మీద, చెవుల దగ్గర దద్దుర్లు లేస్తాయి. 'మా అవ్వ జన్మంతా వేసుకుంది, దురద లేదు, నాకెందుకు వచ్చింది' అని అడిగే పిల్లకు జవాబు ఇదే. అవ్వ వేసుకున్నది వెండి, ఈమె కొన్నది వేరే లోహం, రెండింటి పేరూ ఒకటే. ఇంకొన్ని వస్తువులు ఇత్తడి మీద వెండిపూత వేసినవి. మరికొన్ని 'వైట్ మెటల్' అని పిలిచే చవక మిశ్రమాలు. వాటిలో ఏం కలిసిందో అమ్మేవాడికే తెలియదు.

వీటన్నిటి మీదా కప్పే ఇంకో దుప్పటి 'ఆక్సిడైజ్డ్' అన్న మాట. ఆ మాట రంగును చెబుతుంది, లోహాన్ని చెప్పదు. వెండిని గంధకం కలిసిన ద్రావణంలో ముంచితే పైపొర నల్లబడుతుంది. తర్వాత ఎత్తుగా ఉన్న చోట రుద్దితే తెల్లగా తేలి, గాడుల్లో నలుపు మిగిలి, పాతదానిలా కనబడుతుంది. ఇదే పని వెండిపూత వేసిన ఇత్తడికీ చేయొచ్చు. 92 పాళ్ల వెండి పట్టీ ఆక్సిడైజ్డే, సున్నా పాళ్ల ఇత్తడి పట్టీ ఆక్సిడైజ్డే. 'ఆక్సిడైజ్డ్ సిల్వర్' అని రాసినవాడు సిల్వర్ అన్న మాట దేనికి వాడాడో చెప్పేదాకా ఆ అట్టలో సమాచారం ఏమీ లేనట్టే. నల్లబరచడం తప్పని మేము అనడం లేదు. అందంగానే ఉంటుంది. ఏ లోహాన్ని నల్లబరిచారో రాయమంటున్నాము.

పూత విషయంలో ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే 'పూత అయినా వెండే కదా' అనే వాదన మేము చాలా విన్నాము. పూత మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. ఒక లావాటి కడియం పైభాగం, లోపలి భాగం అంతా కలిపి 60 చదరపు సెంటీమీటర్లు ఉందనుకుందాం. దాని మీద ఒక మైక్రాన్ మందాన వెండిపూత వేస్తే పట్టే వెండి 0.06 గ్రాము. నాలుగైదు బియ్యపు గింజల బరువు. ఐదు మైక్రాన్లు వేసినా గ్రాములో మూడో వంతుకు రాదు. కడియం తూకం 80 గ్రాములుంటే అందులో 79 గ్రాములకు పైగా ఇత్తడి. అలాంటి కడియం అట్ట మీద 'వెండి, 80 గ్రాములు' అని రాయడం బొంకు. 'ఇత్తడి మీద వెండిపూత, మొత్తం బరువు 80 గ్రాములు' అని రాస్తే నిజం. రెండు వాక్యాలకూ అట్ట మీద పట్టే చోటు దాదాపు ఒకటే.

పూతల్లో ఇంకో రకం ఉంది, దాన్ని వీటితో కలపకూడదు. మంచి వెండి వస్తువు నల్లబడకుండా పైన రోడియం పూత వేస్తారు, లేదా బంగారు నీరు పట్టిస్తారు. అక్కడ లోపలిది వెండి, పైది వేరు. ఇత్తడి మీది వెండిపూతలో లోపలిది వేరు, పైది వెండి. అమ్మేచోట రెండింటినీ 'పాలిష్' అన్న ఒక్క మాటతో దాటేస్తారు. 'వెండి మీద రోడియం', 'ఇత్తడి మీద వెండి': ఏది దేని మీద ఉందో చెప్పే ఆ 'మీద' లేకపోతే వాక్యం తలకిందులవుతుంది.

ఇంతవరకు చెప్పింది కొనే పట్నంవాళ్ల కష్టం అనిపించవచ్చు. అది సగం కథ. ఇవే మాటలు మా ఆడవాళ్ల మీద రెండో వైపు నుంచి ఎలా పనిచేస్తాయో చూడండి.

పాత వెండి అమ్మడానికి సేటు దుకాణానికి వెళ్లినప్పుడు, ప్రదర్శనలో అంత విశాలంగా పరుచుకున్న 'సిల్వర్' అన్న మాట హఠాత్తుగా కుంచించుకుపోతుంది. అక్కడ మా కడియం 'పాత వెండి', 'కచ్చా వెండి', 'ఊరి మాల్'. లెక్క కోసం ఒక జత కడియాలు తీసుకుందాం. తక్కెడలో 420 గ్రాములు తూగాయి. లోపల బోలుగా చేసి లక్క నింపిన రకం. లక్క తీస్తే నిజంగా 90 గ్రాములు పోయి 330 గ్రాముల లోహం మిగలాలి. సేటు కడియాన్ని విప్పడు, కరిగించడు. చేతిలో ఎగరేసి 'లక్క తీస్తే 300 వస్తుంది' అంటాడు. గీటురాయి మీద ఒక గీత గీసి, 'అరవై టంచ్' అంటాడు. 300లో 60 పాళ్లు, 180 గ్రాములు. ఆ లోహం అసలు పాళ్లు 80 అయితే, అందులో ఉన్న వెండి 264 గ్రాములు. కళ్ల ముందే 84 గ్రాములు మాయమయ్యాయి. దీనికి దొంగ తక్కెడ అక్కర్లేదు. తూకం సరిగ్గానే ఉంది, మాటలే తప్పు.

కథ అక్కడ ఆగదు. ఆమె ఆ డబ్బు చేతికి తీసుకోదు, కూతురి పెళ్లికి కొత్త పట్టీలు కావాలి. 250 గ్రాముల పట్టీలు తీసుకుంటుంది. చీటీ మీద 'వెండి 250 గ్రా.' అని ఉంటుంది, పాళ్లు ఉండవు. ధర మాత్రం ఆ రోజు మేలిమి వెండి ధర, పైన మజూరీ. ఆ పట్టీలు 70 పాళ్లవైతే అందులో వెండి 175 గ్రాములు. ఇప్పుడు మొత్తం కూడండి. ఆమె 264 గ్రాముల వెండి ఇచ్చింది. లెక్కలో 180 జమ పడింది కాబట్టి మిగతా 70 గ్రాముల ధర నగదుగా కట్టింది. అంటే 334 గ్రాముల వెండి విలువ ఇచ్చి 175 గ్రాములు ఇంటికి తెచ్చుకుంది. 159 గ్రాములు దారిలో పోయాయి, మజూరీ కాకుండా. గ్రాము వంద రూపాయలే అనుకున్నా పదిహేను వేల తొమ్మిది వందలు. ఈ అంకెలు మేము లెక్క కోసం తీసుకున్నవి; మీ ఇంటి చీటీ తీసి మీ అంకెలు వేసుకోండి. పద్ధతి మాత్రం ఇదే: మా వెండి పోయేటప్పుడు పాళ్లు చెబుతారు, వాళ్ల వెండి వచ్చేటప్పుడు పాళ్లు చెప్పరు.

వ్యాపారులకు ఒక జవాబుంది, న్యాయంగా అదీ చెప్పాలి. కరిగిస్తే కొంత తరుగు పోతుంది, పాత వస్తువుల్లో టంకం ఎక్కువ, టంకంలో వెండి పాళ్లు తక్కువ, మువ్వలున్న చోట అతుకులు మరీ ఎక్కువ. ఇదంతా నిజమే. అయితే అది చీటీ మీద రాయండి. 'లక్క ఇంత, కరిగింపు తరుగు ఇంత, పరీక్షలో తేలిన పాళ్లు ఇంత.' తరుగు నిజమైతే దానికి అంకె ఉంటుంది. అంకె లేని తరుగును మేము తరుగు అనము.

నాణేల దండ సంగతి ఇంకా విచిత్రం. మా తండాల్లో, గూడేల్లో రూపాయల దండ వేసుకోని ముసలమ్మ ఒకప్పుడు లేదు. నాణెం అంటేనే ప్రభుత్వం బరువూ పాళ్లూ నిర్ణయించి ముద్ర కొట్టిన వెండి. విక్టోరియా రాణి రూపాయి, ఎడ్వర్డ్ రూపాయి, ఐదో జార్జి రూపాయి: 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్లు వెండి. మా అవ్వలకు ఆ దశాంశాలు తెలియవు గానీ ఆ రూపాయిని నమ్మొచ్చని తెలుసు, కంసాలికి కడియం చేయమని ఇచ్చింది కూడా ఆ రూపాయలే. 1940 నుంచి యుద్ధకాలంలో ప్రభుత్వం వెండిని సగానికి తగ్గించింది. ఆ రూపాయలూ అదే బరువు, చూపుకు అదే తెలుపు. కానీ అంచు మీది గీతల మధ్య చుట్టూ ఒక గాడి తిరిగి ఉంటుంది. 1947 రూపాయిలో వెండే లేదు, అది నికెల్. అయస్కాంతం పెడితే అంటుకుంటుంది. నిజాం ఇలాకాలో చెల్లిన చార్మినార్ బొమ్మ హాలీ రూపాయి కాస్త తేలిక, 11.18 గ్రాములు, పాళ్లు దాదాపు 82. చివరి కాలపువి అవి కూడా సగానికి దిగాయి.

ఇరవై రూపాయల దండ ఉందనుకోండి. పన్నెండు పాతవి, ఎనిమిది 1940 తర్వాతివి. అరుగుదల వదిలేస్తే పాతవాటిలో 128 గ్రాములు, కొత్తవాటిలో 46 గ్రాములు, మొత్తం 174 గ్రాములకు పైచిలుకు వెండి ఉంటుంది. 'రూపాయలన్నీ సగం వెండే అమ్మా' అని ఒక్క మాట అంటే అది 116కు దిగిపోతుంది. ఆ ఒక్క మాటకు విరుగుడు సంవత్సరం చదవడం, అంచు చూడడం. బడికి వెళ్లే మనవరాలు ఐదు నిమిషాల్లో చేసే పని ఇది. అమ్మడానికి వెళ్లే ముందు ఇంట్లోనే కుప్పలు వేరు చేసి, విడివిడిగా తూచి, కాగితం మీద రాసుకుని వెళ్లమని మేము చెబుతున్నాము. నాణేలకు అతికించిన కొక్కేల బరువు వేరే అని కూడా గుర్తుంచుకోవాలి. ముద్ర స్పష్టంగా ఉన్న పాత నాణేన్ని కరిగించే వెండి ధరకు ఇవ్వడం కూడా తొందరపాటే. నాణేలు సేకరించేవాళ్లు దానికి వేరే ధర కడతారు.

ఇక ముద్రల గురించి. బంగారానికి హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు, వెండికి ఇంకా ఐచ్ఛికమే. భారత ప్రమాణాల సంస్థ వెండికి కొన్ని పాళ్లను నిర్ణయించింది: కింద 800 నుంచి మొదలై 835, 900, 925 మీదుగా 990, 999 దాకా. వెయ్యికి ఇన్ని పాళ్లు అని అర్థం. 925 అంటే వెయ్యి గ్రాములకు 925 గ్రాములు వెండి, మిగతాది ఎక్కువగా రాగి. 2025 సెప్టెంబరు 1 నుంచి హాల్‌మార్క్ వేసిన వెండి వస్తువు మీద మూడు గుర్తులుంటాయి: సంస్థ త్రికోణపు గుర్తు, సిల్వర్ అన్న మాటతో పాటు పాళ్ల అంకె, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల సంకేతం. ఆ సంకేతాన్ని ఫోనులో బిఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వస్తువు వివరాలు కనబడతాయి. చేతిలో ఉన్నది పట్టీ, ఫోనులో కనబడేది ఉంగరం అయితే ముద్ర దొంగది.

ఒట్టి '925' అని గుద్దిన ముద్ర హాల్‌మార్క్ కాదు. ఆ ఉలి ఎవరైనా కొనుక్కోవచ్చు, ఇత్తడి మీద కూడా గుద్దొచ్చు. గొలుసు కొక్కెం మీద మాత్రమే 925 ఉండి గొలుసు మీద లేకపోతే, కొక్కెం ఒక్కటే 925 కావచ్చు. మెషిన్‌లో పెట్టి చూపిస్తామనే దుకాణాలు ఉన్నాయి, ఆ యంత్రం మంచిదే. కానీ అది పైపొరను మాత్రమే చదువుతుంది. మందమైన పూత ఉన్న వస్తువును పెడితే పూత పాళ్లే చెబుతుంది. కనబడని చోట ఆకురాయితో కొంచెం గీకి, ఆ గీకిన చోట చూపించమనాలి. లోపల పసుపు తేలితే పరీక్ష అక్కడే ముగిసింది.

ఇంట్లో చేసుకోగలిగింది ఒకటుంది. గ్రాములో పదో వంతు చూపే చిన్న తక్కెడ ఉంటే చాలు. వస్తువును తూచండి. తర్వాత గ్లాసుతో నీళ్లు తక్కెడ మీద పెట్టి అంకెను సున్నా చేయండి. వస్తువును దారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా వేలాడదీయండి. ఇప్పుడు తక్కెడ చూపే అంకె వస్తువు ఎంత చోటు ఆక్రమించిందో చెబుతుంది. 100 గ్రాముల వస్తువుకు మేలిమి వెండి అయితే 9.5 చూపుతుంది, 925 అయితే 9.7కు కాస్త తక్కువ, 80 పాళ్లది అయితే 9.9 దగ్గర. జర్మన్ సిల్వర్, ఇత్తడి అయితే పదకొండున్నర దాటుతుంది. అంటే వెండికీ వెండి కానిదానికీ తేడా ఈ గ్లాసే చెబుతుంది. 80కీ 70కీ తేడా మాత్రం దీన్ని నమ్మి వాదించకండి, నీటి బుడగ అంటుకున్నా అంకె మారుతుంది. లక్క నింపినవాటికి, బోలువాటికి, పూసలు గుచ్చినవాటికి ఇది పనికిరాదు. వాటికి హాల్‌మార్కింగ్ కేంద్రంలో రుసుం కట్టి పరీక్ష చేయించడమే దారి. ఆ కేంద్రాలు పట్టణాల్లో ఉన్నాయి, మా గూడేలకు దూరం. అయినా రెండు వందల గ్రాములు దాటిన వెండికి ఆ బస్సు ఖర్చు తక్కువే, మీదున్న లెక్క మళ్లీ చూడండి.

మాకు వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది. 'చిన్న చేతిపనివాడు, ప్రదర్శనలో గుడ్డ పరుచుకునే ఆడమనిషి, ముద్రలూ యాప్‌లూ ఎక్కడ తెస్తారు? ఇలాంటి నియమాలు పెద్ద దుకాణాలకే లాభం.' ఈ మాటలో నిజం ఉంది, అందుకే మేము ప్రతి వస్తువుకూ హాల్‌మార్క్ ఉండాలనడం లేదు. ముద్ర లేని వెండి వెండి కాకుండా పోదు. మా అవ్వల కడియాల మీద ఏ త్రికోణమూ లేదు. మేము అడుగుతున్నది అట్ట మీద నిజం రాయమని. దానికి లైసెన్సు అక్కర్లేదు. తెలిసినది రాయాలి, పరీక్ష చేయించనిది 'పరీక్ష చేయించలేదు' అని రాయాలి.

రెండో అభ్యంతరం: 'ఇత్తడి అని రాస్తే ఎవరూ కొనరు.' ఆదిలాబాద్ ఓజాలు మైనపు అచ్చు పోసి చేసే డోక్రా బొమ్మలు ఇత్తడివే. ఇత్తడి అని చెప్పే అమ్ముతారు, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లోహం పేరు దాచి వాళ్లు ఆ గుర్తింపు తెచ్చుకోలేదు. చేతిపని గొప్పదైతే దానికి వెండి పేరు అరువు ఎందుకు? సత్తుతో చేసిన గాజును సత్తు అనే అమ్మవచ్చు. మా జాతి పేరును లోహానికి బదులు వాడుకోవడం మాత్రం ఆపాలి. గిరిజన నమూనా అనండి, లంబాడీ తీరు హాస్లీ అనండి, ఎవరు చేశారో వాళ్లు ఒప్పుకుంటే పేరు రాయండి. ఆ మాటలు ఆకారాన్ని చెప్పనివ్వండి, లోహాన్ని లోహం పేరుతో చెప్పండి.

చట్టం కూడా మా వైపే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వస్తువుకు లేని నాణ్యతను ఉన్నట్టు చెప్పడం అనుచిత వ్యాపార పద్ధతి. అమ్మిన వస్తువుకు బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ జాబితాలోనే ఉంది. చిన్న కాగితం మీద పెన్సిలుతో అంకె వేసి ఇచ్చేదాన్ని బిల్లు అనుకోవద్దు.

మా స్టాళ్లలో, మా సంఘాలు పిలిచే ప్రతి ప్రదర్శనలో ఇకమీదట ఉండాల్సిన అట్టలు ఎలా ఉంటాయో ఇక్కడే రాసిస్తున్నాము. నిర్వాహకులు దీన్నే అచ్చువేసుకోవచ్చు.

'పట్టీల జత. వెండి 925, హాల్‌మార్క్ ఉంది. మొత్తం బరువు 112 గ్రాములు, నల్లపూసలు తీసేస్తే వెండి వస్తువు బరువు 104 గ్రాములు. పైన రోడియం పూత. మజూరీ వేరుగా చూపబడింది.'

'పాత కడియాలు, లక్క నింపినవి. మొత్తం బరువు 420 గ్రాములు. లక్క బరువు అంచనా మాత్రమే. ముద్ర లేదు. గీటురాయి మీద సుమారు 80 పాళ్లు, కేంద్రంలో పరీక్ష చేయించలేదు.'

'లంబాడీ తీరు హాస్లీ. జర్మన్ సిల్వర్, ఇందులో వెండి లేదు, నికెల్ ఉంది. నలుపు రంగు పట్టించినది. బరువు 95 గ్రాములు. చర్మం పడనివాళ్లు అడిగి తీసుకోండి.'